టీ ఆకు పులుస్తుందా?

మా అక్క కూతురు పానీయాల టెక్నాలజీ పరీక్షకి చదువుతూ టీ తయారీ దశలు అప్పజెప్పింది: వాడబెట్టడం, నలపడం, ఫెర్మెంటేషన్, ఆరబెట్టడం, జల్లించడం. మూడోది వినగానే నాకు ఇడ్లీపిండి గుర్తొచ్చింది. "ఏ సూక్ష్మజీవి పులియబెడుతుందే?" అన్నాను.

"ఏదీ లేదు మావయ్యా. అక్కడే మెలిక."

నిజమే. ఆకు నలిగి కణాలు పగిలితే లోపలి ఎంజైమ్ గాలి తగిలి పాలీఫినాళ్లని మారుస్తుంది. కోసిన వంకాయ నల్లబడేదీ ఇలాగే. మనం ఉప్పునీళ్లలో వేసి దాన్ని ఆపుతాం, టీ ఫ్యాక్టరీలో వేడిగాలితో ఎంజైమ్‌ని చంపి, తేమని 3 శాతానికి దించి ఆపుతారు. ఆకుని నలపకముందే వేడిచేస్తే గ్రీన్ టీ అవుతుంది.

మరి ఆ పేరెలా వచ్చింది? పాతరోజుల్లో ఈస్టునీ, జీవం లేని జీర్ణరసాన్నీ కూడా 'ఫెర్మెంట్' అనే పిలిచేవారు. 'ఎంజైమ్' అన్న మాటని విల్‌హెల్మ్ క్యూనే 1877 ప్రాంతంలో పుట్టించాడు. 1900లో ఇండియన్ టీ అసోసియేషన్ శాస్త్రవేత్తగా వచ్చిన హెరాల్డ్ మాన్ ఆకులోని ఎంజైమ్‌నే పట్టి చూశాడు. అయినా తోటల్లో పాత పేరే నిలిచింది, పరీక్షల్లోనూ అదే.

నాకిష్టమైన కాలం అంతకన్నా ముందుది. అస్సాంకి రప్పించిన చైనా పనివాళ్లు బ్లాక్ టీ ఎలా చేస్తారో 1838లో చార్లెస్ బ్రూస్ ఓ చిన్న పుస్తకంలో రాశాడు. వాళ్లు ఆకుని చేతులతో తట్టి, ఎగరేసి, కాసేపు వదిలి, మళ్లీ తట్టేవారు. అది మెత్తని తోలులా చేతికి తగిలే దాకా ఇదే పని. వేలికొసలే గడియారం. 1930ల్లో అస్సాంలోనే మెకెర్చర్ సీటీసీ యంత్రం తెచ్చాడు. పళ్లున్న రోలర్లు ఆకుని చీల్చేస్తాయి కాబట్టి రంగు తొందరగా తిరుగుతుంది. మన హోటళ్ల డస్ట్ టీ అక్కడినుంచే. ఆ వేగంలో తోలు స్పర్శ తెలిసిన వేళ్లు పోయాయి, నాకదే బాధ. ఇప్పటికీ మంచి పనివాడు ఆకు రాగిరంగుకి తిరిగిందా, పచ్చివాసన పోయిందా అని చూస్తాడు. తొందరపడితే టీ పచ్చిగా, వగరుగా ఉంటుంది. ఆలస్యమైనా, గది వేడెక్కినా డికాక్షన్ చప్పబడి మసకబారుతుంది.

"మరి కాఫీకి?" అన్నాను.

కాఫీకి అసలైన ఫెర్మెంటేషనే ఉంది. పండు తోలు తీశాక గింజనంటిన జిగురుని తొట్లలో సూక్ష్మజీవులు విడదీస్తాయి, తర్వాత కడుగుతారు. కానీ తన నోట్సులో కాఫీ వేపుడుతోనే మొదలైంది: గింజ ఆరడం, పసుపెక్కడం, గోధుమరంగు తిరగడం, దాదాపు 200 డిగ్రీల దగ్గర ఫస్ట్ క్రాక్. లోపలి ఆవిరి, వాయువులు గింజని పగలగొడితే వచ్చే చప్పుడది.

అది వినాలని పచ్చి గింజలు తెచ్చి ఇనప బాణలిలో తిప్పాం. పేలాల్లా టపటపమన్నాయి. సెకండ్ క్రాక్ దాకా ఉంచుదామని తను. నేను ఒప్పుకోలేదు, దించి చేటలో పోసి విసిరాను. పొట్టు ఇల్లంతా ఎగిరింది.