రివర్స్ మార్టగేజ్: భర్త తర్వాత భార్యకు ఇల్లు దక్కుతుందా?

సొంత ఇల్లుండీ నెలనెలా చేతిలో డబ్బాడని వృద్ధుల కోసం 2007-08 కేంద్ర బడ్జెట్‌లో రివర్స్ మార్టగేజ్‌ను ప్రకటించారు. మామూలు గృహరుణానికి ఇది తిరగేసిన పద్ధతి. ఇంటిని తనఖా పెట్టుకుని బ్యాంకే నెలనెలా డబ్బిస్తుంది. ఇల్లు యజమాని పేరునే ఉంటుంది, ఆయన అందులోనే ఉంటాడు. వయసు 60 దాటాలి, ఇల్లు స్వార్జితమై ఉండాలి.

అసలు చిక్కు భార్య విషయంలో వస్తుంది. రుణం తీసుకున్నవారిలో చివరివారు మరణించాకే బాకీ తీర్చాలన్నది నియమం. ఇల్లు భర్త పేరున ఉంది కదా అని ఆయనొక్కరే సంతకం చేస్తే, ఆ చివరి మనిషి ఆయనే అవుతాడు. ఆయన పోగానే నెలసరి డబ్బు ఆగి, బాకీ వచ్చి మీద పడుతుంది. అందుకే భార్య సహరుణగ్రహీతగా ఉండాలి. అందుకు ఆమెకు కనీసం 55 ఏళ్లు ఉండాలి. 53 ఏళ్లే ఉంటే మరో రెండేళ్లు ఆగడమే మంచిది.

ఒక లెక్క చూద్దాం. భర్తకు 66, భార్యకు 58. ఇంటి విలువ 80 లక్షలు. పదిహేనేళ్ల చివరికి వడ్డీతో కలిపి బాకీ 50 లక్షలు అయ్యేలా, 10 శాతం వడ్డీకి బ్యాంకు ఒప్పుకుందనుకుందాం. నెలకు వచ్చేది సుమారు 12 వేలు. పదిహేనేళ్లలో చేతికందేది 22 లక్షలలోపే, మిగతాదంతా వడ్డీ. గడువు ముగిసేసరికి భార్యకు 73 ఏళ్లు. ఇంట్లో ఉండనిస్తారు గానీ నెలసరి డబ్బు రాదు, వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. మరో ఐదేళ్లకు బాకీ 82 లక్షలు దాటుతుంది.

ఆమె తదనంతరం పిల్లలు బాకీ కట్టి ఇల్లు విడిపించుకోవచ్చు. లేదంటే బ్యాంకు ఇల్లు అమ్మి, మిగిలింది వారికిస్తుంది. అమ్మకం ధర బాకీకి చాలకపోయినా పిల్లల సొంత ఆస్తి జోలికి రాదు. అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: ఏడాదిపాటు ఇంట్లో ఉండకపోతే బ్యాంకు రుణాన్ని ముందే వసూలు చేయవచ్చు. ఇంటి పన్ను ఎగ్గొట్టినా అంతే.

ఇల్లు అమ్మేసి చిన్న ఫ్లాట్ కొనుక్కుంటే వడ్డీ బెడద ఉండదు, చేతిలో పెద్ద మొత్తం మిగులుతుంది. అయితే ఆ ఫ్లాట్, డిపాజిట్లు భర్త పేరునే ఉండి, వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ పిల్లలకూ సమాన వాటాలు వస్తాయి (ఆయన తల్లి ఉంటే ఆమెకూ ఒకటి). ఇద్దరు పిల్లలుంటే భార్యకు దక్కేది మూడో వంతే. డిపాజిట్‌కు ఆమెను నామినీగా పెట్టినా సరిపోదు. నామినీ డబ్బు తీసుకోగలదు గానీ, అందులో వారసుల హక్కు పోదు. ఫ్లాట్‌ను ఇద్దరి పేరునా రిజిస్టర్ చేయించి, భర్త తన వాటాకు వీలునామా రాస్తే ఆమెకు ఆ ఇబ్బంది ఉండదు.