వాపస్ వచ్చిన సరుకుకు జీఎస్టీలో లెక్క ఎలా? క్రెడిట్ నోటు ఎవరివ్వాలి, డెబిట్ నోటు ఎప్పుడివ్వాలి?

సీజన్‌లో సరుకు పంపడం, సీజన్ అయ్యాక అందులో కొంత వాపస్ రావడం హోల్‌సేల్ వ్యాపారంలో మామూలే. రంజాన్ ముందు పంపిన బట్టల్లో కొన్ని పండుగ తర్వాత రంగు పోయాయనో, డ్యామేజ్ ఉందనో తిరిగొస్తాయి. సరుకు వెనక్కి వస్తుంది, పార్టీ ఖాతాలో డబ్బు తగ్గుతుంది. కానీ ఆ సరుకు మీద ప్రభుత్వానికి అప్పటికే కట్టేసిన పన్ను మాత్రం దానంతట అది వెనక్కి రాదు. దానికి సరైన కాగితం కావాలి, ఆ కాగితం సరైన మనిషి ఇవ్వాలి, అది గడువులోగా రిటర్న్‌లో చేరాలి.

కొన్నవాడి డెబిట్ నోటుతో పన్ను తగ్గదు

మార్కెట్‌లో పాత అలవాటు ఒకటుంది. సరుకు తిప్పి పంపే దుకాణదారు, ‘మీ పేరున ఇంత డెబిట్ వేశాం’ అంటూ ఒక డెబిట్ నోటు కూడా పంపిస్తాడు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొనుగోలు వాపస్‌ను డెబిట్ నోటు కిందే ఎంట్రీ వేస్తారు కాబట్టి, పన్ను పని కూడా దాంతోనే అయిపోయిందని ఇద్దరూ అనుకుంటారు.

జీఎస్టీ చట్టం అలా చూడదు. సీజీఎస్టీ చట్టం సెక్షన్ 34 ప్రకారం క్రెడిట్ నోటైనా, డెబిట్ నోటైనా ఇవ్వాల్సింది సరుకు అమ్మినవాడే. బిల్లులో విలువ గానీ పన్ను గానీ ఎక్కువ పడినా, సరుకు వాపస్ వచ్చినా, సరుకులో లోపం తేలినా క్రెడిట్ నోటు ఇస్తాడు. బిల్లులో విలువ గానీ పన్ను గానీ తక్కువ పడితే డెబిట్ నోటు ఇస్తాడు. మొదటిది అమ్మినవాడి పన్ను తగ్గిస్తుంది, రెండోది పెంచుతుంది. కొన్నవాడు పంపే డెబిట్ నోటు ఇద్దరి ఖాతాలు సరిచూసుకోవడానికి పనికొస్తుంది గానీ, దాని మీద అమ్మినవాడి పన్ను ఒక్క రూపాయి కూడా తగ్గదు.

ఒక లెక్క చూద్దాం

హైదరాబాద్ పత్తర్‌గట్టీలోని ఒక హోల్‌సేల్ వ్యాపారి 2026 ఫిబ్రవరి 5న కర్నూలులోని ఒక దుకాణానికి 400 డ్రెస్ మెటీరియల్ పీసులు పంపాడనుకుందాం. ఇద్దరికీ జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది. పీసు ధర 600 రూపాయలు. మొత్తం విలువ 2,40,000. సరుకు తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్తోంది కాబట్టి 5 శాతం ఐజీఎస్టీ, అంటే 12,000. బిల్లు మొత్తం 2,52,000. వ్యాపారి ఆ 12,000ను ఫిబ్రవరి రిటర్న్‌లో కట్టేశాడు. కర్నూలు దుకాణదారు అంతే మొత్తాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకున్నాడు.

ఏప్రిల్ 8న 60 పీసులు రంగు పోతున్నాయని తిరిగొచ్చాయి. వాటి విలువ 36,000, దాని మీద పన్ను 1,800, కలిపి 37,800. దుకాణదారు సరుకును డెలివరీ చలాన్ మీద పంపాడు. విలువ 50,000 దాటలేదు కాబట్టి ఈ-వే బిల్లు అవసరం పడలేదు. దాటి ఉంటే తిరుగు ప్రయాణానికి కూడా ఈ-వే బిల్లు తీయాల్సిందే.

ఇప్పుడు హోల్‌సేల్ వ్యాపారి 37,800కు క్రెడిట్ నోటు రాయాలి. అందులో ఇద్దరి పేర్లు, చిరునామాలు, జీఎస్టీ నంబర్లు, నోటుకు వరుస నంబరు, తేదీ, ఏ బిల్లు మీద ఇస్తున్నాడో ఆ బిల్లు నంబరు, తేదీ, తగ్గించే విలువ, పన్ను రేటు, పన్ను మొత్తం, సంతకం ఉండాలి. వరుస నంబరు 16 అక్షరాలు దాటకూడదు. సరుకు మూడు నాలుగు బిల్లుల నుంచి వచ్చినా ఒకే క్రెడిట్ నోటు ఇవ్వొచ్చు. 2019 ఫిబ్రవరి 1 నుంచి చట్టం దీనికి అవకాశం ఇచ్చింది. టర్నోవర్ 5 కోట్లు దాటి ఈ-ఇన్‌వాయిస్ పరిధిలోకి వచ్చిన వ్యాపారి అయితే, ఇలాంటి క్రెడిట్ నోటును కూడా ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్‌లో నమోదు చేయాలి.

రేటు విషయంలో పొరపాటు పడొద్దు. క్రెడిట్ నోటులో వేయాల్సింది సరుకు అమ్మినప్పుడు బిల్లులో పడిన రేటు, వాపస్ వచ్చిన రోజు రేటు కాదు. 2025 సెప్టెంబర్ 22న రేట్లు మారినప్పుడు చాలామందికి ఇక్కడే గందరగోళం వచ్చింది. వెయ్యి రూపాయలు దాటి 2,500 లోపు ధర ఉన్న రెడీమేడ్ దుస్తులు 12 శాతం నుంచి 5 శాతానికి వచ్చాయి. అంతకుముందు 12 శాతంతో అమ్మిన దుస్తులు ఆ తర్వాత వాపస్ వస్తే, క్రెడిట్ నోటు 12 శాతంతోనే ఉండాలి.

రిటర్న్‌లో ఎక్కడ చూపాలి?

ఫిబ్రవరి రిటర్న్‌ను కదిలించాల్సిన పని లేదు. నోటు ఏప్రిల్‌లో ఇచ్చాడు కాబట్టి ఏప్రిల్ జీఎస్టీఆర్-1లో, అంటే నెలనెలా ఫైల్ చేసేవారైతే మే 11లోగా, 9బీ పట్టికలో చూపాలి. అక్కడ నోటు రకం ఎంచుకునే చోట క్రెడిట్‌కు బదులు డెబిట్ అని నొక్కేస్తే 1,800 తగ్గాల్సింది పోయి 1,800 పెరుగుతుంది. మొత్తం తేడా 3,600. ఫైల్ చేసే ముందు ఆ ఒక్క గడి చూసుకుంటే చాలు. తర్వాత జీఎస్టీఆర్-3బీలో ఏప్రిల్ అమ్మకాల మీద పన్ను 1,800 తగ్గి కనిపిస్తుంది.

కొందరు క్రెడిట్ నోటు రాయకుండానే, ఆ నెల అమ్మకాల్లోంచి 36,000 తీసేసి మిగిలింది చూపిస్తారు. దాంతో ఫిబ్రవరి బిల్లు అలాగే ఉంటుంది, ఏప్రిల్ బిల్లుల మొత్తం మాత్రం రిటర్న్‌తో కలవదు. కర్నూలు దుకాణదారు దగ్గర కూడా 12,000 క్రెడిట్ పూర్తిగా నిలిచి ఉంటుంది. నోటీసు వచ్చినప్పుడు చూపడానికి కాగితం ఉండదు.

అవతలివాడు క్రెడిట్ తగ్గించుకోవాలి

అమ్మినవాడు 1,800 తగ్గించుకుంటే, కొన్నవాడు తీసుకున్న 1,800 ఇన్‌పుట్ క్రెడిట్ కూడా వెనక్కి వెళ్లాలి. లేకపోతే ప్రభుత్వానికి ఆ డబ్బు ఎక్కడా అందనట్టే. 2025 ఫైనాన్స్ చట్టం సెక్షన్ 34ను సవరించి ఈ సంగతి సూటిగా చెప్పింది. రిజిస్టర్డ్ కొనుగోలుదారు తాను తీసుకున్న క్రెడిట్‌ను తిరగవేయకపోతే, అమ్మినవాడికి పన్ను తగ్గింపు రాదు.

ఇది నడిచేది పోర్టల్‌లోని ఇన్‌వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో. 2024 అక్టోబర్ నుంచి ఇది అందుబాటులో ఉంది. అమ్మినవాడు చూపిన క్రెడిట్ నోటు కొన్నవాడికి అక్కడ కనిపిస్తుంది. అతను Accept నొక్కినా, ఏమీ నొక్కకుండా వదిలేసినా ఒప్పుకున్నట్టే లెక్క. అతని జీఎస్టీఆర్-2బీలో 1,800 తగ్గుతుంది. Reject నొక్కితే మాత్రం ఆ 1,800 అమ్మినవాడి తర్వాతి జీఎస్టీఆర్-3బీలో మళ్లీ పన్నుగా వచ్చి పడుతుంది.

చాలాసార్లు Reject వెనక గొడవేమీ ఉండదు. దుకాణదారు డెబిట్ నోటులో 62 పీసులు రాసి ఉంటాడు, ఇక్కడ 60 లెక్కకొచ్చి ఉంటాయి. అతని అకౌంటెంట్ మొత్తాలు కలవలేదని తిరస్కరిస్తాడు. అందుకే సరుకు దించిన రోజే పీసులు లెక్కబెట్టి, ఇద్దరూ ఒక అంకెకు వచ్చాక నోటు రాయడం మేలు. కొన్నవాడు పంపిన డెబిట్ నోటు పనికొచ్చేది ఇక్కడే.

కొన్నవాడి వైపు ఇంకో పొరపాటు జరుగుతుంది. సరుకు పంపిన నెలలోనే తనంతట తాను 1,800 తిరగవేసి, తర్వాత క్రెడిట్ నోటు వచ్చాక 2బీలో ఇంకోసారి తగ్గనిస్తాడు. అప్పుడు 1,800కు బదులు 3,600 పోతుంది. ప్రతి నెలా 14న వచ్చే జీఎస్టీఆర్-2బీలో క్రెడిట్ నోట్ల భాగాన్ని తన కొనుగోలు వాపస్ ఖాతాతో పోల్చుకుంటే ఇది దొరికిపోతుంది.

డెబిట్ నోటు అవసరమయ్యేది ఇలా

అదే బిల్లును మళ్లీ చూస్తుండగా, మిగిలిన 340 పీసుల్లో 50 పీసులు మేలు రకమని, వాటికి 600 కాకుండా 650 పడాల్సిందని తేలిందనుకుందాం. తక్కువ పడింది 2,500, దాని మీద పన్ను 125. ఈ 2,625కు హోల్‌సేల్ వ్యాపారే డెబిట్ నోటు ఇస్తాడు. అదే 9బీ పట్టికలో డెబిట్ కింద చూపి 125 కడతాడు. దుకాణదారుకు ఆ 125 ఇన్‌పుట్ క్రెడిట్‌గా దొరుకుతుంది. వాపస్ పోగా మిగిలిన 2,14,200కు ఇది కలిపితే, చివరికి దుకాణదారు ఇవ్వాల్సింది 2,16,825.

గడువు దాటితే ఏమిటి దారి?

సరుకు అమ్మిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30, లేదా ఆ సంవత్సరపు వార్షిక రిటర్న్ ఫైల్ చేసిన రోజు, ఈ రెండింటిలో ఏది ముందైతే ఆలోగా క్రెడిట్ నోటు రిటర్న్‌లో చేరాలి. ఫిబ్రవరి 2026 బిల్లు 2025-26 సంవత్సరానిది కాబట్టి 2026 నవంబర్ 30 ఆఖరు. నవంబర్‌లో ఫైల్ చేసేది అక్టోబర్ రిటర్న్. నవంబర్ తేదీతో రాసిన నోటు డిసెంబర్‌లో గానీ చేరదు, అప్పటికి గడువు అయిపోతుంది. అందుకని నెలనెలా ఫైల్ చేసేవారు అక్టోబర్ 31 లోపే నోటు రాసుకోవాలి. డెబిట్ నోటు ఇవ్వడానికి ఇలాంటి ఆఖరు తేదీ లేదు.

గడువు దాటాక సరుకు వస్తే రెండు దారులున్నాయి. మొదటిది, పన్ను లేకుండా విలువకు మాత్రమే క్రెడిట్ నోటు ఇవ్వడం. దీన్ని వ్యాపార క్రెడిట్ నోటు అంటారు. పార్టీ ఖాతాలో 36,000 తగ్గుతుంది, అమ్మినవాడి పన్ను తగ్గదు, కొన్నవాడు క్రెడిట్ తిరగవేయాల్సిన పని లేదు. రెండోది, రిజిస్ట్రేషన్ ఉన్న దుకాణదారు వాపస్ సరుకును కొత్త అమ్మకంగా చూపి తానే 36,000కు, 1,800 పన్నుతో ట్యాక్స్ ఇన్‌వాయిస్ రాయడం. అప్పుడు హోల్‌సేల్ వ్యాపారి ఆ 1,800ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుని, సరుకు మళ్లీ అమ్మేటప్పుడు వాడుకోవచ్చు. గడువు తేదిన మందుల వాపస్‌పై కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2018లో ఇచ్చిన 72వ నంబరు సర్క్యులర్ ఈ పద్ధతిని ఒప్పుకుంది, ఇతర కారణాలతో వచ్చే వాపస్‌లకూ ఇదే వర్తిస్తుందని చెప్పింది.

గడువు లోపలైనా ఈ పద్ధతి ఎంచుకోవచ్చు. కానీ ఒకే సరుకుకు దుకాణదారు ఇన్‌వాయిస్, హోల్‌సేల్ వ్యాపారి పన్నుతో కూడిన క్రెడిట్ నోటు రెండూ ఉండకూడదు. అలా ఉంటే అమ్మినవాడు ఒకే 1,800ను రెండుసార్లు తీసుకున్నట్టవుతుంది, ఆడిట్‌లో వడ్డీతో సహా వెనక్కి కట్టాల్సి వస్తుంది. సరుకు బయల్దేరకముందే ఏ పద్ధతిలో వెళ్దామన్నది పార్టీతో ఫోన్‌లో మాట్లాడుకుని, ఆ మాటను చలాన్ మీద రాయించుకుంటే తర్వాత తకరారు ఉండదు.