రామదాసు చిట్టా, గోష్ఠి పలికే నామం

నారాయణగూడ, చిక్కడపల్లి ప్రాంతాలకు పశ్చిమంగా, ఇదే నగరపు అంచున, గోలకొండ కోటలో రామదాసు బందీఖానాగా చూపే గది ఉంది. భద్రాచల రామదాసుగా ప్రసిద్ధుడైన కంచర్ల గోపన్న అబుల్ హసన్ తానీషా పాలనలో (1672–1687) పాల్వంచ పరగణాకు తహసీలుదారు. ఖజానాకు చేరవలసిన శిస్తు ధనాన్ని భద్రాద్రి ఆలయ నిర్మాణానికి వ్యయం చేసినందుకు ఆయన ఆ కోటలో పన్నెండేళ్లు బంధింపబడినట్లు సంప్రదాయం చెబుతుంది. గోష్ఠిగానానికి కీర్తన రచించదలచినవారు పరిశీలించవలసిన మొదటి రచన ఆ కారాగార గాథతోనే ముడిపడి ఉంది. అది 'ఇక్ష్వాకు కులతిలక'.

ఆశ్చర్యమేమిటంటే, ఆ కీర్తనలోని విషయం గోష్ఠికి ఏమాత్రం అనువైనది కాదు. అది ఒక వ్యక్తి సొంత గోడు, అందునా ఒక జమాఖర్చుల చిట్టా. ప్రాకారాలు కట్టించాను, ఇన్ని వరహాలైనవి. భరతునికి పచ్చల పతకం చేయించాను, ఇన్ని వరహాలైనవి. శత్రుఘ్నునికి బంగారు మొలత్రాడు చేయించాను, ఇన్ని మొహరీలైనవి. లక్ష్మణునికి ఒక పతకం, సీతమ్మకు చింతాకు పతకం, స్వామికి కలికితురాయి. లెక్క అడిగినది ప్రభువు, లెక్క అప్పజెబుతున్నది రామునికి. ఇటువంటి మాటలను, వరహాను కంటితో చూడని నేటి భక్తజనం శ్రీరామనవమి పందిట్లో కలిసి ఎలా పాడగలుగుతున్నది? ఆ పాటలో ముందు పాడేవానికీ వంత పాడేవారికీ రామదాసు చేసిన విభజనలోనే దీనికి సమాధానం ఉంది.

ఆ కీర్తనలో పల్లవి మొదలుకొని ప్రతి పాదమూ 'రామచంద్రా' అనే సంబోధనతో ముగుస్తుంది. పాదంలోని ముందుభాగం చరణం చరణానికీ మారుతుంది. ఆభరణం మారుతుంది, దానిని ధరించేవారు మారుతారు, వెల మారుతుంది. చివరి సంబోధన మాత్రం మారదు. ముందు పాడేవానికి చిట్టా అంతా కంఠస్థమై ఉండాలి. గోష్ఠికి ఒక్క నామం తెలిస్తే చాలు. పుస్తకం అక్కరలేదు, అక్షరజ్ఞానం అక్కరలేదు, రెండవ పాదానికే పాట పట్టుబడుతుంది.

సౌలభ్యం ఒక్కటే అయితే ఇంత చెప్పవలసిన పని లేదు. చిట్టా ముగిసిన పిదప రామదాసు నిష్ఠూరానికి దిగుతాడు. ఎవరి సొమ్మనుకొని ఈ నగలతో కులుకుతూ తిరుగుతున్నావని స్వామినే నిలదీస్తాడు. మీ తండ్రి దశరథుడు పెట్టాడా, మామ జనకుడు పంపాడా అని దెప్పుతాడు. కొరడా దెబ్బలు తిన్న వానికి ఆ మాట అనే అధికారం ఉంది. పందిట్లో కూర్చున్న వందమందికి ఆ అధికారం ఎక్కడిది? రామదాసు వారిచేత ఆ మాట అనిపించలేదు. నిష్ఠూరం మొత్తం తన పాలు చేసుకొని, గోష్ఠికి నామాన్ని విడిచిపెట్టాడు. అతడు నిందిస్తున్నంతసేపూ వారు చేస్తున్నది నామస్మరణే. తరువాతి పాదాలలో, దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, మనసులో పెట్టుకోవద్దని అతడే వేడుకొంటాడు. అక్కడా గోష్ఠి పలికేది ఆ నామాన్నే. అదే శబ్దం చిట్టాలో సాక్ష్యంగా, నిందలో ఆర్తిగా, క్షమాపణలో శరణాగతిగా వినిపిస్తుంది. స్వరం మారలేదు, అక్షరం మారలేదు, దానికి ముందున్న మాట మారింది.

గోష్ఠికి పాట కట్టేవారు మొదట తేల్చుకోవలసినది ఇదే: ఏ మాట ఒకనిది, ఏ మాట అందరిది? కవి స్వానుభవం, కథ, వాదం, పశ్చాత్తాపం ముందుభాగంలో ఉండాలి. వంతలో ఎవరి నోటనైనా సత్యంగా నిలిచే మాటే ఉండాలి. 'నేను పాపినైతిని' అనేది వంతగా పెడితే, ఆనాడే తల్లి ఒడిలో నామం నేర్చుకొంటున్న పసిపిల్ల కూడా ఆ మాట అనవలసి వస్తుంది. కొత్తగా కట్టిన అనేక భజనపాటలలో ఈ వివేచన లోపించడం కనిపిస్తుంది.

వంతలో మరొక విధం కూడా ఉంది. అశోక్‌నగర్‌కు సమీపంలోనే దోమలగూడలో రామకృష్ణ మఠం ఉంది. ఆ సంప్రదాయపు మఠాలలో ఏకాదశినాడు నామరామాయణ సంకీర్తనం జరుగుతుంది. స్వామి బ్రహ్మానంద దక్షిణదేశంలో దానిని విని ముగ్ధులై తమ సంఘంలో ప్రవేశపెట్టారు. అందులో రామకథ అంతా సంబోధనలుగా ఒదిగి ఉంటుంది, ప్రతి పంక్తీ రామనామంతోనే ముగుస్తుంది. అయితే అక్కడ ముందువారు పలికిన పంక్తిని గోష్ఠి యథాతథంగా తిరిగి పలుకుతుంది. పంక్తి అంతా నామమే కనుక దానిని తిరిగి పలకడంలో ఎవరికీ సంకోచం ఉండదు. మొదటి దానిని ప్రతివచనమనీ, రెండవ దానిని అనువచనమనీ అనుకోవచ్చు. నామావళికి అనువచనం, నివేదనకు ప్రతివచనం తగినవి. నివేదనను అనువచనంగా పాడిస్తే, పైన చెప్పిన చిక్కే మళ్లీ ఎదురవుతుంది. రామదాసు చిట్టాను కూడా పంక్తి పంక్తిగా అందరిచేత పలికించే భజనమండలులు లేకపోలేదు. రాగసౌఖ్యానికి లోటుండదు గాని, కవి చేసిన విభజన చెరిగిపోతుంది.

ఇక కట్టుబడి. ప్రతివచనం గల పాటలో వంత తాళంలో ఎప్పుడూ ఒకే చోట మొదలుకావాలి. అందుకు ముందుభాగం మాత్రల లెక్క అన్ని పాదాలలో సమానంగా ఉండాలి. ఉదాహరణకు ఖండగతిలో, అనగా అయిదేసి మాత్రల నడకలో, ఒక పాదాన్ని ఇలా కల్పించుకోవచ్చు:

దారి తప్పిన వారి దరిజేర్చు మాతండ్రి — గోవింద
చేరి నిలిచిన వేళ చిన్ని దీపమువాడ — గోవింద

'దారితప్', 'పినవారి', 'దరిజేర్చు', 'మాతండ్రి': నాలుగూ అయిదేసి మాత్రలే. 'గోవింద' కూడా అయిదే, చివరి అక్షరాన్ని మరొక అయిదు మాత్రలు సాగదీస్తే ముందు పాడేవానికి ఊపిరి తీసుకొనే వ్యవధి దొరుకుతుంది. రెండు పాదాలలోనూ రెండవ అక్షరం రేఫ కావడం ప్రాస. 'దా'కు 'ద', 'చే'కు 'చి' మూడవ ఖండం మొదట పడడం యతి. ఇవి కేవలం అలంకారాలు కావు. యతిస్థానంలో పరిచితమైన ధ్వని వినబడగానే పాదం సగమైనదని చెవికి తెలుస్తుంది. ఇంకా రెండు ఖండాల తరువాత తన వంతు వస్తుందని గోష్ఠి సిద్ధమవుతుంది.

ఇప్పుడు మొదటి పాదానికి బదులు 'సంసారసాగరనిమగ్నజనతోద్ధరణ' అని వేద్దాం. అర్థం ఉన్నతమే, మాత్రలు కూడా సరిపోతాయి. కాని ఒకే సమాసం ఖండాల సరిహద్దులన్నింటినీ దాటిపోవడంతో, పాదం ఎక్కడ సగమైనదో, ఎక్కడ ముగుస్తుందో వినేవారికి తెలియదు. వంత అరక్షణం ఆలస్యంగా, తడబడుతూ వస్తుంది. చేతులు తాళం వేస్తుండగా నోళ్లు మాత్రం ముందువాని పెదవులను చూస్తూ గొణిగితే, లోపం గోష్ఠిది కాదు, పాదానిది. సంస్కృత సమాసాలు కూడవని దీని అర్థం కాదు. నామరామాయణం సంస్కృతమే. అక్కడ సమాసం పంక్తిలోనే ఒదిగి ముగుస్తుంది, విరుపు ఎక్కడో చెవికి తెలుస్తూనే ఉంటుంది.

రెండవ చిక్కు అన్వయానిది. తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది. ఆ క్రియను వంతలో పెట్టి చరణాన్ని అసమాప్తంగా విడిచిపెడితే, ప్రతి చరణమూ ఆ ఒక్క క్రియతోనే పొసగాలి. మూడు చరణాల వరకు కుదురుతుంది, నాలుగవ దానిలో భావాన్ని వంచవలసి వస్తుంది. సంబోధనను వంతగా ఉంచితే ఈ బాధ లేదు. సంబోధన ఏ వాక్యానికీ వ్యాకరణపరంగా బద్ధం కాదు, ప్రశ్న తరువాతా నిలుస్తుంది, ప్రార్థన తరువాతా నిలుస్తుంది. లెక్క నుండి నిందకు, నింద నుండి వేడికోలుకు రామదాసు అంత సులభంగా మారగలిగింది అందువల్లనే.

ముందు పాడేవాని జ్ఞాపకానికి కూడా ఒక ఆధారం కావాలి. రామదాసు చరణాల క్రమాన్ని గమనిస్తే, పాఠభేదాలు కొన్ని ఉన్నప్పటికీ, దారి స్పష్టమే: మొదట చుట్టు ప్రాకారం, తరువాత గోపురమండపాలు, పిదప తమ్ముల నగలు, సీతమ్మ నగ, చివరకు స్వామి శిరస్సుపై తురాయి. ఆలయంలోకి భక్తుడు నడిచివెళ్లే మార్గం అదే. గర్భాలయం చేరి స్వామిని ఎదురుగా చూసిన తరువాతనే నిష్ఠూరం మొదలవుతుంది. చరణాలు మరచిపోయే గాయకుడు ఈ నడకను మనసులో ఉంచుకొంటే చాలు. కొత్త పాటకూ ఇటువంటి వరుస ఏదో ఒకటి ఉండాలి: పాదాది కేశమో, ప్రాతఃకాలం నుండి ఏకాంతసేవ వరకో, యాత్రలోని మజిలీలో.

చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభ ఎవరి పేరు ధరించిందో ఆ త్యాగరాజస్వామి (1767–1847) తన 'ప్రహ్లాద భక్తివిజయం' ఆదిలో రామదాసును స్మరించారు. ఘనరాగ పంచరత్నాలను కట్టిన ఆ చేతులే దివ్యనామ కీర్తనలను, ఉత్సవసంప్రదాయ కీర్తనలను కూడా రచించాయి. వాటిలో చరణాలు అనేకం, వాటికి వరుస మాత్రం సామాన్యంగా ఒక్కటే. సంగతుల విస్తారం ఉండదు, స్వరం అందరి కంఠానికి అందే పరిధిలోనే సంచరిస్తుంది. సంగతులు కట్టడం ఆయనకు తెలియక కాదు. నేటికీ దివ్యనామ భజనలో మధ్య దీపం ఉంచి, చుట్టూ ప్రదక్షిణంగా తిరుగుతూ ఆ కీర్తనలను పాడుతారు. నడుస్తూ పాడేవారికి ఊపిరి తక్కువ, పాదం చిన్నదై ఉండాలి. తారస్థాయికి పోయే చరణం అక్కడ నిలవదు. స్త్రీపురుషులు కలిసి పాడేటప్పుడు శ్రుతి ఎవరికో ఒకరికి ఎలాగూ ఇబ్బందిగానే ఉంటుంది. వరుస ఒక్క స్థాయిలో ఇమిడితే ఇరువురూ తమ తమ స్థాయిలో పాడుకోగలరు.

చివరిది ముద్ర. 'ఇక్ష్వాకు కులతిలక' ముగింపులో రామదాసు తన పేరు చెప్పి, క్షేమంగా ఏలుకొమ్మని వేడుకొంటాడు. ఆ పేరు పలికేది ముందువాడొక్కడే. గోష్ఠి దాని తరువాత వచ్చే 'రామచంద్రా' అందుకొని, అక్కడి నుండి పల్లవికి మళ్లుతుంది.