అపర్చర్
కెమెరా కటకంలో వెలుతురు లోపలికి వెళ్లే రంధ్రాన్ని అపర్చర్ అంటారు. దాని పరిమాణాన్ని f/1.8, f/2.4 వంటి అంకెలతో సూచిస్తారు. కటకపు నాభ్యంతరాన్ని రంధ్రపు వ్యాసంతో భాగిస్తే ఈ అంకె వస్తుంది. అందుకే అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. కొత్తవారు తికమకపడేది సాధారణంగా ఇక్కడే.

రంధ్రం పెద్దదైతే వెలుతురు ఎక్కువ పడుతుంది, స్పష్టంగా కనిపించే లోతు తగ్గుతుంది. మనిషి ముఖం స్పష్టంగా ఉండి, వెనకున్న చెట్లు మసకబారడం ఇందువల్లే.

ఫోన్‌లో మాత్రం ఈ మసక అంతగా రాదు. నాభ్యంతరం 5.4 మి.మీ. ఉన్న ఫోన్ కటకంలో f/1.8 అంటే రంధ్రం కేవలం 3 మి.మీ. అదే f/1.8 పెద్ద కెమెరాలోని 50 మి.మీ. కటకంలో దాదాపు 28 మి.మీ. అవుతుంది. పైగా చాలా ఫోన్లలో రంధ్రం మారదు. 2018లో వచ్చిన శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్9 f/1.5, f/2.4 మధ్య మారేది కానీ, అలాంటివి అరుదు.

పోర్ట్రెయిట్ మోడ్‌లో జరిపే f అంకె రంధ్రాన్ని కదిలించదు. వెనకభాగాన్ని సాఫ్ట్‌వేర్ మసకబారుస్తుంది. చెదిరిన వెంట్రుకల దగ్గర, కళ్లద్దాల అంచుల్లో ఆ అతుకు బయటపడుతుంది. నిజమైన మసక కావాలంటే మందార పువ్వుకు ఫోకస్ కుదిరినంత దగ్గరగా ఫోన్ పెట్టి, వెనకున్న గోడ దూరంగా ఉండేలా నిలబడాలి. మరీ దగ్గరకు వెళితే కొన్ని ఫోన్లు వాటంతటవే అల్ట్రావైడ్ కటకానికి మారతాయి. అప్పుడు మసక తగ్గిపోతుంది.