నేనే ముజ్తహిద్‌నన్న మనిషి

జలాలుద్దీన్ సుయూతీ పేరు మన మదర్సాలకు కొత్త కాదు. ఖురాన్‌కు చిన్న వ్యాఖ్యానమైన ‘తఫ్సీరె జలాలైన్’ చదవకుండా చాలామంది చదువు ముగియదు. ఆ రెండు ‘జలాల్’లలో రెండోది ఆయనే. గురువు జలాలుద్దీన్ మహల్లీ సగంలో వదిలి కన్నుమూసిన గ్రంథాన్ని ఇరవై ఏళ్లు దాటీదాటకముందే నలభై రోజుల్లో పూర్తిచేశారు. మన హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్ కూడా ఆయన రచనలను అచ్చువేసింది. అంతటి పండితుడు తన సొంత ఊరు కైరోలో, తన కాలపు పండితుల మధ్య ఎంత ఒంటరిగా మిగిలిపోయాడో మాత్రం ఆ పుస్తకాలు చదివేవారిలో కొద్దిమందికే తెలుసు. ఆయన్ను ఒంటరిని చేసింది ఒక్క మాట. తాను ముజ్తహిద్‌నని ఆయన ప్రకటించుకున్నారు.

ఆ మాట అంత పెద్దదెందుకైందో తెలియాలంటే ధర్మశాస్త్ర పండితుల్లో ఉన్న అంతస్తులు తెలియాలి. ఇమామ్ షాఫయీ తన ‘రిసాలా’లో ఇజ్తిహాద్‌ను వివరించడానికి ఖిబ్లాను ఉదాహరణగా తీసుకున్నారు. కాబా కంటికి కనబడని చోట ఉన్నవాడు నక్షత్రాలను, కొండలను, గాలిని చూసి దిక్కు తేల్చుకోవాలి. ఆ ఉదాహరణనే కాస్త ముందుకు సాగదీస్తే అంతస్తులన్నీ అర్థమవుతాయి. నక్షత్రాలతో దిక్కు కనిపెట్టే పద్ధతినే సొంతంగా కట్టినవాడు స్వతంత్ర ముజ్తహిద్. అబూ హనీఫా, మాలిక్, షాఫయీ, అహ్మద్ ఇబ్న్ హంబల్ ఆ కోవలోని వారు. ఆ పద్ధతిని తన గురువు నుంచి తీసుకున్నా, నక్షత్రాన్ని మాత్రం తన కళ్లతో చూసి దిక్కు చెప్పేవాడు రెండోవాడు. ఇతను కూడా సంపూర్ణ ముజ్తహిదే, కాకపోతే ఒక ఇమాముకు అనుబంధంగా ఉంటాడు. మూడోవాడు ఇమామ్ తేల్చిన దిక్కులను ఆధారం చేసుకుని, ఇమామ్ చూడని ఊళ్లకు దిక్కు లెక్కగడతాడు. నాలుగోవాడు పెద్దలు చెప్పిన రెండు దిక్కుల్లో ఏది బలమైనదో తూచి చెబుతాడు. అయిదోవాడు పెద్దలు చెప్పిన దిక్కులన్నీ తప్పు లేకుండా గుర్తుంచుకుని అడిగినవారికి అప్పజెబుతాడు. వీరందరి వెనకా నడిచే సామాన్యుడు ముఖల్లిద్, అంటే అనుసరించేవాడు.

13వ శతాబ్దంలో ఇబ్నుస్సలాహ్, ఆయన తర్వాత ఇమామ్ నవవీ ఈ అంతస్తులను స్పష్టంగా రాసిపెట్టారు. ఫత్వా ఇచ్చే అర్హత ఎవరికుందో తేల్చడమే వారి ఉద్దేశం. మజ్హబును కంఠస్థం చేసిన అయిదోవాడు కూడా ఫత్వా చెప్పవచ్చు. అయితే గ్రంథంలో ఉన్నదాన్ని చెప్పాలి, లేదా పెద్దగా ఆలోచించకుండానే దానితో సరిపోలేదాన్ని చెప్పాలి. అది దాటితే నోరు మూసుకోవాలి. స్వతంత్ర ముజ్తహిద్ కనుమరుగై చాలాకాలమైందని కూడా వారే రాశారు.

నాలుగో అంతస్తు ఎంత బరువైనదో నవవీయే చూపించారు. ఒంటె మాంసం తింటే వుజూ పోతుందా అన్నది ఒక ప్రశ్న. పోదన్నది షాఫయీ మజ్హబులో స్థిరపడిన మాట. పోతుందన్నది ఇమామ్ షాఫయీ పాత అభిప్రాయం. హదీసు ఆధారాలను తూచిన నవవీ, మజ్హబు పండితుల దృష్టిలో బలహీనమైన ఆ పాత మాటే ఆధారం రీత్యా బలమైనదని రాశారు. ఒక్క చిన్న విషయంలో అలా చెప్పాలన్నా హదీసు పరంపరలు తెలియాలి, భాష తెలియాలి, పూర్వుల ఏకాభిప్రాయాలు, భేదాభిప్రాయాలు తెలియాలి. తేల్చిన మాటను ఆధారంతో సహా కాగితం మీద పెట్టాలి.

సుయూతీ 1445లో కైరోలో పుట్టారు. అయిదేళ్ల వయసులో తండ్రి పోయారు. ఎనిమిదేళ్లు నిండకముందే ఖురాన్ కంఠస్థమైంది. యువకుడిగా హజ్‌కు వెళ్లి జమ్‌జమ్ నీళ్లు తాగుతూ ఫిఖ్‌హ్‌లో సిరాజుద్దీన్ బుల్ఖీనీ అంతటివాణ్ని, హదీసులో ఇబ్న్ హజర్ అంతటివాణ్ని చేయమని వేడుకున్నానని తానే రాసుకున్నారు. ఆ బుల్ఖీనీ కొడుకు అలముద్దీన్ బుల్ఖీనీ ఈయనకు గురువు. శిష్యుడు మొదటి పాఠం చెప్పిన రోజు ఆ గురువు స్వయంగా వచ్చి కూర్చున్నారు. 1466 నుంచి సుయూతీ ఫత్వాలు ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పటికి ఆయన అర్హతను శంకించాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు.

1480ల్లో ఆయన పై అంతస్తు తనదన్నారు. ఫిఖ్‌హ్‌లోనే కాదు, హదీసులోనూ అరబీ భాషలోనూ తాను ముజ్తహిద్‌నన్నారు. ఊరు భగ్గుమంది. నాలుగు మజ్హబుల ఇమాములతో సమానమంటున్నాడా అని అడిగారు. ఆయన జవాబు శాస్త్రబద్ధంగానే ఉంది: ‘స్వతంత్ర’ ముజ్తహిద్ వేరు, ‘సంపూర్ణ’ ముజ్తహిద్ వేరు. మొదటివాడు ఇక లేడు, నిజమే. రెండోవాడు ఇమామ్ షాఫయీ పద్ధతిలోనే ఉంటూ సొంతంగా ఆధారాలు చూసేవాడు. తాను అడుగుతున్నది ఆ రెండో చోటే. పైగా ప్రతి యుగంలోనూ అలాంటివాడు ఒకడు ఉండి తీరాలి, లేకపోతే సమాజమంతా పాపం మూటగట్టుకుంటుంది. ఇజ్తిహాద్ ప్రతి యుగంలోనూ విధి అన్న సంగతి తెలియక నేలకు అతుక్కుపోయినవారికి ఖండనగా ఆయన ఒక గ్రంథమే రాశారు. ఆ వాదనలో తప్పు పట్టడం కష్టం.

కానీ తాను చెప్పింది శాస్త్రమని చూపించడంతో ఆయన ఆగలేదు. చర్చకు రమ్మంటే, ముజ్తహిద్ ముజ్తహిద్‌తోనే చర్చిస్తాడని, ఈ కాలంలో తాను తప్ప మరొకడు లేడని అన్నట్టు చెబుతారు. నూరేళ్లకొకసారి ధర్మాన్ని పునరుద్ధరించేవాడు వస్తాడన్న హదీసు ఉంది. ఆ శతాబ్దపు పునరుద్ధారకుడు తానేనని ఆశపడ్డారు. చరిత్రకారుడు సఖావీ తన జీవితచరిత్రల గ్రంథంలో ఆయన్ను ఇతరుల రచనలు ఎత్తుకుపోయినవాడిగా చిత్రించాడు. సుయూతీ దానికి ఇంకా పదునైన పుస్తకంతో బదులిచ్చారు. వాదం శాస్త్రం నుంచి మనుషుల మీదికి మళ్లింది.

అప్పుడు సమకాలికులంతా ఒక్కటై ఆయనకు ఒక కాగితం పంపారు. షాఫయీ పండితులు రెండేసి అభిప్రాయాలు చెప్పి, ఏది బలమైనదో తేల్చకుండా వదిలేసిన ప్రశ్నలు కొన్ని అందులో ఉన్నాయి. వారు అడిగింది పై అంతస్తు విద్య కూడా కాదు. ఇజ్తిహాద్‌లో అన్నిటికంటే కింది స్థాయి, నాలుగోదైన తూచి చెప్పే శక్తి మీకుంటే, ముజ్తహిదుల పద్ధతిలో ఆధారం చూపి వీటిలో బలమైనదేదో రాయండి అన్నారు.

సుయూతీ ఆ కాగితం మీద ఒక్క అక్షరం రాయకుండా తిప్పి పంపారు. వేరే పనుల్లో ఉన్నానని, వాటిని చూసే తీరిక లేదని చెప్పారు.

ఈ సంగతి చెప్పినవారు మక్కాలో స్థిరపడిన షాఫయీ పండితుడు ఇబ్న్ హజర్ హైతమీ. దాన్ని మునావీ తన వ్యాఖ్యాన గ్రంథంలో చేర్చాడు. మునావీ వ్యాఖ్యానం రాసింది సుయూతీ కూర్చిన హదీసు సంకలనం ‘జామి సగీర్’ మీదే. తాను కూర్చిన పుస్తకం వెంటే తన అవమానం కూడా తరాల తరబడి ప్రయాణిస్తుందని ఆయన ఊహించి ఉండరు.

రాయగలిగీ రాయలేదా, రాయలేకే రాయలేదా? ఆయన ఫత్వాలు ‘అల్ హావీ’ అన్న పేరుతో సంకలనమయ్యాయి. దాన్ని చదివితే హదీసుల వెంట హదీసులు తెచ్చి తూచే మనిషి కనిపిస్తాడు. ఆ కాగితానికి జవాబు రాసే శక్తి ఆయనకు లేదని నేను నమ్మలేను. అందుకే ఆ నిరాకరణ నన్ను ఎక్కువ బాధపెడుతుంది. అవతలివాళ్లు అసూయతోనే అడిగి ఉండవచ్చు, కానీ అడిగిన పద్ధతి సరైనది. ముఫ్తీ అర్హతకు అంతకు మించిన పరీక్ష లేదు. తన హక్కు కోసం గ్రంథాలు రాసిన మనిషి, ఆ హక్కును రుజువు చేసే నాలుగు పేజీలు రాయలేదు.

ఇంకో విషాదం ఉంది. తాను తూచే స్థాయికి చేరినప్పుడు ఫత్వాల్లో నవవీ మొగ్గిన మాటను దాటలేదని, సంపూర్ణ ఇజ్తిహాద్ స్థాయికి చేరాక కూడా షాఫయీ మజ్హబును దాటలేదని ఆయనే రాసుకున్నారు. అడగవచ్చినవాడు షాఫయీ మజ్హబు ఏమంటుందనే అడుగుతాడు, సుయూతీ ఏమంటాడని కాదు. కాబట్టి ఫత్వా కోసం ఆయన గడప తొక్కిన సామాన్యుడికి ముజ్తహిద్ అన్న ఆ బిరుదు వల్ల మారిందేమీ లేదు. మారనిదాని కోసం ఊరంతటితో తగవు పెట్టుకున్నారు.

నలభై ఏళ్లు దాటాక ఆయన పాఠాలూ ఫత్వాలూ మానేశారు. ఎందుకు మానుకున్నానో చెబుతూ ఒక పుస్తకం రాశారు. ఫత్వా ఇచ్చే హక్కు అందరికంటే తనకే ఎక్కువన్న మనిషి ఫత్వాల నుంచి తప్పుకున్నారు. 1496లో ఖలీఫా ముతవక్కిల్ ఆయన్ను ఖాజీలందరిపైనా పెద్దగా, వారిని నియమించే తొలగించే అధికారంతో నిలబెట్టాలని చూశారు. ఖాజీలు తిరగబడగానే ఖలీఫా వెనక్కి తగ్గారు.

చివరి దెబ్బ 1501లో తగిలింది. 1486 నుంచి ఆయన కైరోలోని బైబర్సియా ఖాన్‌ఖాకు పెద్ద. వక్ఫ్ సొమ్ముతో నడిచే ఆ ఖాన్‌ఖాలో సూఫీలకు భత్యాలు ఉండేవి. సూఫీ లక్షణాలు లేనివారికి ఆ సొమ్ము మీద హక్కు లేదన్నది ఆయన వాదన. పండితుల విషయంలో తాను చెప్పిన న్యాయమే ఇక్కడా చెప్పారు: పేరు చాలదు, గుణం ఉండాలి. భత్యం పోయినవాళ్లు ఆయన మీద పడ్డారు. చంపినంత పని చేసి, కట్టుబట్టలతో నీటితొట్టిలోకి తోశారు. పదవి పోయింది. కొత్త సుల్తాన్ తూమాన్‌బే పగబట్టి వెతికిస్తుంటే కొన్ని నెలలు దాక్కున్నారు. తర్వాత నైలు నదిలోని రౌదా దీవిలో ఇంట్లో తలుపులు మూసుకుని రాసుకుంటూ 1505లో కన్నుమూశారు.

ఆయన పోయిన పన్నెండేళ్లకు ఉస్మానీ తుర్కులు కైరోను గెలిచారు. ఆ దండయాత్రలో సుల్తాన్ సలీం వెంట వచ్చిన ఇబ్న్ కమాల్ పాషా తర్వాత షేఖుల్ ఇస్లాం అయ్యారు. హనఫీ పండితులను ఆయన ఏడు అంతస్తులుగా విభజించారు. మొదటి దానిలో ఇమాములు, రెండో దానిలో అబూ యూసుఫ్ వంటి శిష్యులు, ఏడో దానిలో బలమైనదీ బలహీనమైనదీ తేడా తెలియని అనుసరించేవారు. చక్కని పట్టిక, ఇప్పటికీ ముఫ్తీ విద్యార్థులు నేర్చుకుంటారు. కానీ దాని పై అంతస్తుల్లో పేరున్నవారంతా ఆ పట్టిక రాసేనాటికే పోయినవారు. బతికున్న మనిషి ఒకడు వచ్చి నేను ఫలానా చోట ఉన్నానంటే ఎలా తేల్చాలో అది చెప్పదు.

అది తేల్చే దారి ఒకటి ఒకే ఒక్కసారి కైరోలో తెరుచుకుంది. ఒక పక్క ప్రశ్నలు సిద్ధంగా ఉన్నాయి, మరో పక్క జవాబు చెప్పగల మనిషి ఉన్నాడు. ఆయన రాసి ఉంటే ఓడినా గెలిచినా, ముజ్తహిద్‌ను గుర్తించేది బిరుదుతోనో పుకారుతోనో కాదు, ఆధారంతో రాసిన జవాబుతో అన్న సంప్రదాయం నిలిచేది. సుయూతీ పతనంలో నేను ఏడ్చేది ఆయన పోగొట్టుకున్న పదవి కోసం కాదు, ఆ సంప్రదాయం కోసం.