రంధ్రం చేసిన వృత్తాకార బిళ్ళ ద్రవ్యరాశి కేంద్రం

అంతటా ఒకే మందం, ఒకే సాంద్రత ఉన్న గుండ్రటి బిళ్ళకు ద్రవ్యరాశి కేంద్రం సరిగ్గా నడిమధ్యన ఉంటుంది. ఆ బిళ్ళలో ఒక పక్కగా గుండ్రటి ముక్క కోసి తీసేస్తే మిగిలిన భాగపు ద్రవ్యరాశి కేంద్రం రంధ్రానికి ఎదురు వైపుకు జరుగుతుంది. ఎంత జరుగుతుందో తేల్చడానికి మిగిలిన భాగపు వంకర ఆకారంతో కుస్తీ పట్టనక్కరలేదు. కోసిన ముక్కను మనసులో తిరిగి దాని చోట పెట్టి చూస్తే చాలు. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి (ఎన్‌సీఈఆర్‌టీ) 11వ తరగతి భౌతికశాస్త్ర పుస్తకంలో ఈ లెక్క అభ్యాసంగా ఉంది. మన ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం విద్యార్థులకు కూడా ఇది తెలిసిన లెక్కే.

సూత్రం ఎలా వస్తుంది

బిళ్ళ వ్యాసార్ధం R, రంధ్రం వ్యాసార్ధం r, రెండు కేంద్రాల మధ్య దూరం d అనుకుందాం. బిళ్ళ కేంద్రాన్ని O అందాం. రెండు కేంద్రాల గుండా గీసిన గీతకు అటూ ఇటూ ఆకారం ఒకేలా ఉంటుంది. కాబట్టి మిగిలిన భాగపు ద్రవ్యరాశి కేంద్రం ఆ గీత మీదే ఎక్కడో ఉండాలి. ఇక కనుక్కోవలసింది O నుంచి దాని దూరం ఒక్కటే. దాన్ని x అందాం.

ఇప్పుడు కోసిన ముక్కను రంధ్రంలో తిరిగి పెట్టామనుకోండి. అది మళ్ళీ నిండు బిళ్ళే అవుతుంది, O దగ్గర ఆనిస్తే అటూ ఇటూ ఒరగకుండా నిలుస్తుంది. అంటే O కి ఒక పక్కన ముక్క బరువు, రెండో పక్కన మిగిలిన భాగం బరువు త్రాసులో లాగా తూగుతున్నాయన్నమాట. త్రాసు నియమం ప్రకారం ఒక పక్క ద్రవ్యరాశిని దాని దూరంతో గుణిస్తే వచ్చే విలువ రెండో పక్క విలువకు సమానం కావాలి. మందం, సాంద్రత అంతటా ఒకటే కనుక ద్రవ్యరాశులకు బదులు వైశాల్యాలు వేసుకోవచ్చు. ముక్క వైశాల్యం πr², మిగిలిన భాగం వైశాల్యం π(R² − r²). రెండు వైపులా π కొట్టేస్తే:

(R² − r²) x = r² d

x = r² d / (R² − r²)

ఈ దూరాన్ని O నుంచి, రంధ్రం లేని వైపుకు కొలవాలి. రంధ్రం మొత్తం బిళ్ళ లోపలే ఉన్నప్పుడు, అంటే d + r విలువ R ని మించనప్పుడే ఈ సూత్రం పనికొస్తుంది. రంధ్రం అంచు బిళ్ళ బయటకు పోతే కోసిన ముక్క పూర్తి వృత్తం కాదు, అప్పుడు దాని వైశాల్యమూ కేంద్రమూ వేరుగా లెక్కకట్టుకోవాలి.

పుస్తకాలు ఈ పద్ధతిలో రంధ్రానికి రుణ ద్రవ్యరాశి ఇస్తాయి. అది వినగానే కొందరికి అనుమానం వస్తుంది, ద్రవ్యరాశి రుణాత్మకం ఎలా అవుతుందని. నిజానికి అక్కడ వింత పదార్థమేమీ లేదు. పైన రాసిన త్రాసు సమీకరణంలో ముక్క పదాన్ని అటు పక్క నుంచి ఇటు పక్కకు తెచ్చినప్పుడు వచ్చిన గుర్తే ఆ రుణ చిహ్నం.

ఈ ఆలోచన చాలా పాతది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో సిరక్యూస్ నగరవాసి ఆర్కిమెడీస్ సమతలాల సమతౌల్యం గురించి రాసిన గ్రంథంలో, మొదటి భాగం 8వ ప్రతిపాదన ఇదే విషయం చెబుతుంది. ఒక వస్తువులోంచి కొంత భాగం తీసేస్తే, మిగిలినదాని కేంద్రం, తీసిన భాగపు కేంద్రాన్నీ మొత్తం వస్తువు కేంద్రాన్నీ కలిపే గీతను ఎదురు దిక్కుకు పొడిగించిన చోట ఉంటుంది. తీసినదానికీ మిగిలినదానికీ ఉన్న నిష్పత్తే ఆ దూరాన్ని నిర్ణయిస్తుంది.

ఒక లెక్క

12 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న బిళ్ళలో 6 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో రంధ్రం చేశాం. రంధ్రం కేంద్రం O కి కుడి వైపున 6 సెంటీమీటర్ల దూరంలో ఉంది. అంటే రంధ్రం ఎడమ అంచు O ని తాకుతుంది, కుడి అంచు బిళ్ళ అంచును తాకుతుంది.

వర్గాలు వేసుకుంటే నిండు బిళ్ళకు 144, ముక్కకు 36, మిగిలినదానికి 108. కాబట్టి 108 x = 36 × 6. x విలువ 2 సెంటీమీటర్లు. ద్రవ్యరాశి కేంద్రం O కి ఎడమ వైపున 2 సెంటీమీటర్ల దూరంలో ఉంది. 12 లో 2 ఆరో వంతు కనుక, పుస్తకాల్లో జవాబు R/6 అని కనిపిస్తుంది.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాట్లు రెండు. మొదటిది, భాగహారంలో మిగిలిన 108 కి బదులు మొత్తం 144 వేయడం. అప్పుడు 1.5 సెంటీమీటర్లు, అంటే R/8 వస్తుంది. ముక్కను తీసేశాక కూడా దాని బరువును బిళ్ళ ఖాతాలోనే ఉంచినట్టు అది. రెండోది, వైశాల్యాల నిష్పత్తి వేయాల్సిన చోట వ్యాసార్ధాల నిష్పత్తి వేయడం. ముక్క సగమనీ, మిగిలింది సగమనీ అనుకుంటే x విలువ 6 సెంటీమీటర్లు వస్తుంది. నిజానికి వ్యాసార్ధం సగమైతే వైశాల్యం నాలుగో వంతే. ఈ రెండో తప్పును పట్టుకోవడానికి ఒక సులువైన గుర్తుంది: రంధ్రం ఎంత పెద్దదైనా, ఎక్కడున్నా, కేంద్రం జరిగే దూరం R లో సగాన్ని ఎప్పటికీ చేరదు. ఎందుకో కింద తెలుస్తుంది.

ఇదే లెక్కను బిళ్ళకు బదులు గోళంతో అడిగితే వర్గాలు పోయి ఘనాలు వస్తాయి. సగం వ్యాసార్ధమున్న గోళం మొత్తంలో ఎనిమిదో వంతు, మిగిలింది ఏడు వంతులు. అందువల్ల కేంద్రం R/14 మాత్రమే జరుగుతుంది.

అట్ట, దారంతో సరిచూసుకోవడం

పై లెక్కలోని బిళ్ళను కత్తెరతో చేయడం కష్టం. రంధ్రం అంచు బిళ్ళ అంచును తాకే చోట అట్ట తెగిపోతుంది. అందుకే ప్రయోగానికి 12 సెంటీమీటర్ల బిళ్ళలో 5 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో, O నుంచి 6 సెంటీమీటర్ల దూరంలో రంధ్రం చేయడం మేలు. అప్పుడు అంచున ఒక సెంటీమీటరు వెడల్పున అట్ట మిగులుతుంది. సూత్రం ప్రకారం x విలువ 150/119, అంటే దాదాపు 12.6 మిల్లీమీటర్లు.

రంధ్రం కోయకముందే అట్టను పరీక్షించాలి. బిళ్ళ అంచు దగ్గర గుండుసూది గుచ్చి, బిళ్ళ స్వేచ్ఛగా ఊగేలా వేలాడదీయండి. అదే సూదికి చిన్న బరువు కట్టిన దారం వేలాడదీస్తే, ఊగడం ఆగాక దారం O మీదుగా పోవాలి. అంచున రెండు మూడు చోట్ల ఇలా చూడండి. దారం O ని తప్పుతోందంటే అట్ట మందం ఒకేలా లేదు, ఆ అట్టతో ఎంత జాగ్రత్తగా చేసినా జవాబు సరిగా రాదు.

రంధ్రం కోశాక రెండు కేంద్రాలను కలిపే గీతను అట్ట మీద గీయండి. ద్రవ్యరాశి కేంద్రం ఆ గీత మీదే ఉంటుందని ముందే తెలుసు కనుక ఒక్కసారి వేలాడదీస్తే సరిపోతుంది. అయితే సూదిని ఎక్కడ గుచ్చుతామన్నది ముఖ్యం. ఆ గీత చివరన గుచ్చితే దారం గీతనే కప్పేస్తుంది, ఖండన బిందువే ఉండదు. గీతకు లంబంగా ఉన్న వ్యాసం చివర గుచ్చితే దారం గీతను దాదాపు అడ్డంగా ఖండిస్తుంది, బిందువు స్పష్టంగా దొరుకుతుంది. అక్కడ దారం O నుంచి పక్కకు తప్పుకునే కోణం 6 డిగ్రీలే. సూది రంధ్రం బిగుతుగా ఉండి బిళ్ళ కాస్త పట్టేసినా అంత చిన్న కోణంలో తప్పు పెద్దదవుతుంది. బిళ్ళను రెండు వైపుల నుంచీ మెల్లగా ఊపి వదిలినప్పుడు దారం ఒకే చోట నిలుస్తోందంటే సూది పట్టేయడం లేదన్నమాట.

కేంద్రం ఖాళీలో పడేది ఎప్పుడు

గారె సంగతి తీసుకోండి. చిల్లు నడిమధ్యన ఉంటుంది కనుక d సున్నా, x కూడా సున్నా. ద్రవ్యరాశి కేంద్రం కదలలేదు కానీ అది ఉన్న చోట పిండి లేదు, ఖాళీ ఉంది. ద్రవ్యరాశి కేంద్రం వస్తువులోనే ఉండాలన్న నియమమేమీ లేదు.

పక్కగా ఉన్న రంధ్రం సంగతి మరింత ఆసక్తికరం. రంధ్రం ఎప్పుడూ బిళ్ళ అంచును లోపలి నుంచి తాకేలా ఉంచి, దాన్ని కొద్దికొద్దిగా పెద్దది చేస్తూ పోదాం. అప్పుడు d = R − r అవుతుంది, సూత్రం ఇంకా తేలికవుతుంది:

x = r² / (R + r)

రంధ్రం పెరుగుతున్నకొద్దీ ద్రవ్యరాశి కేంద్రం ఎడమకు జరుగుతుంది. రంధ్రం ఎడమ అంచు కూడా అటే జరుగుతుంది, అది మరింత వేగంగా జరుగుతుంది. ఒక దశలో అంచు కేంద్రాన్ని పట్టుకుంటుంది. రంధ్రం ఎడమ అంచు O నుంచి 2r − R దూరంలో ఉంటుంది. దాన్ని x కు సమానం చేస్తే r² + rR − R² = 0 అనే సమీకరణం వస్తుంది. దాని సాధన r = 0.618 R. సువర్ణ నిష్పత్తి ఇక్కడ పిలవకుండానే వచ్చింది.

12 సెంటీమీటర్ల బిళ్ళకు ఈ హద్దు దాదాపు 7.4 సెంటీమీటర్లు. రంధ్రం వ్యాసార్ధం 6 అయితే కేంద్రం అట్ట మీద ఉంటుంది, బిళ్ళను అక్కడ పెన్సిలు మొన మీద నిలబెట్టవచ్చు. 8 అయితే x విలువ 64/20, అంటే 3.2 సెంటీమీటర్లు. కానీ రంధ్రం 4 సెంటీమీటర్ల దాకా వచ్చేసింది. కేంద్రం రంధ్రంలో పడింది, పెన్సిలు ఆనించడానికి అక్కడ అట్టే లేదు.

రంధ్రం ఇంకా పెరిగి r దాదాపు R అయితే మిగిలేది సన్నటి నెలవంక. అప్పుడు x విలువ R/2 కు దగ్గరవుతుంది కానీ దాన్ని అందుకోదు. ఇంతకుముందు చెప్పిన గుర్తుకు కారణం ఇదే.

తిరిగే చక్రంలో

10 సెంటీమీటర్ల వ్యాసార్ధం, ఒక సెంటీమీటరు మందం ఉన్న ఉక్కు బిళ్ళ బరువు దాదాపు రెండున్నర కిలోలు. దాని కేంద్రం నుంచి 80 మిల్లీమీటర్ల దూరంలో 5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో ఒక రంధ్రం చేస్తే పోయే ఉక్కు 6 గ్రాములే. ద్రవ్యరాశి కేంద్రం 0.2 మిల్లీమీటర్లు జరుగుతుంది. కంటికి తెలియనంత దూరం. కానీ ఆ బిళ్ళ నిమిషానికి 1500 చుట్లు తిరిగితే ఆ కొద్దిపాటి తేడా వల్ల ఇరుసు మీద పడే బలం దాదాపు 12 న్యూటన్లు, అంటే బిళ్ళ బరువులో సగం. ఆ బలం బిళ్ళతో పాటే దిక్కు మార్చుకుంటూ సెకనుకు 25 సార్లు ఇరుసును చుట్టూ లాగుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది.

చక్రాలను సంతులనం చేసేవాళ్ళు ఇదే లెక్కను తిప్పి వాడతారు. అంతే కొలతలున్న బిళ్ళ పోతలోనే కాస్త తేడా వచ్చి, కేంద్రం 0.1 మిల్లీమీటరు పక్కకు ఉందనుకోండి. బరువెక్కువున్న వైపే, 80 మిల్లీమీటర్ల దూరంలో, కేంద్రాన్ని వెనక్కి తెచ్చేంత ఉక్కు తీయాలి. తీయాల్సిన ముక్క ద్రవ్యరాశిని 80 తో గుణిస్తే, మొత్తం ద్రవ్యరాశిని 0.1 తో గుణించినంత రావాలి. ఆ లెక్కన r² = 100² × 0.1 / 80 = 12.5, r దాదాపు మూడున్నర మిల్లీమీటర్లు. 7 మిల్లీమీటర్ల డ్రిల్లుతో ఈ వైపు నుంచి ఆ వైపు దాకా ఒక్క రంధ్రం చేస్తే కేంద్రం తిరిగి ఇరుసు మీదికి చేరుతుంది.