మేత బీడును మూసేయాలా? ముందు ఆరు చిన్న కంచెలతో తేల్చుకోండి

రాయలసీమ ఎర్రనేలల్లో చాలా గ్రామాల్లో ఒక తగాదా ఉంటుంది. మేత పోరంబోకులో మంచి గడ్డి తగ్గిపోయి వెంపలి, తంగేడు, జిల్లేడు మిగిలాయి. పొలం ఉన్నవారు "గొర్రెలే తినేశాయి, బీడు మూసేయండి" అంటారు. కాపరులు "వానల్లేక గడ్డి పోయింది, మా జీవాల మీదకెందుకు తోస్తారు" అంటారు. మూసేస్తే జీవాలున్న కుటుంబాల బతుకుతెరువు పోతుంది. మూయకపోతే ఉన్న గడ్డి కూడా పోతుందేమోనని భయం. ఎవరి మాట నిజమో మీ బీడులోనే తేల్చుకునే పద్ధతి ఇక్కడ చెబుతున్నాను.

మూసేస్తే ఎప్పుడూ మేలే జరుగుతుందని అనుకోకూడదు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల అభయారణ్యంలో 1982లో గేదెల మేతను పూర్తిగా ఆపేశారు. ఆ తర్వాత నీటి గడ్డి అదుపు లేకుండా పెరిగి మడుగులను కప్పేసింది. దాంతో నీటి పక్షులకే ఇబ్బంది వచ్చింది. అది నీటి నేల, మనది మెట్ట బీడు. అయినా ముందు చిన్న ముక్కలో పరీక్షించి, ఆ తర్వాతే మొత్తం బీడు గురించి నిర్ణయించుకోవాలన్న పాఠం రెండింటికీ ఒకటే.

ఒక్క కంచె ఎందుకు చాలదు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే ఈ తప్పు చేశాను. ఒక గ్రామంలో గట్టు పక్కన కాస్త పచ్చగా ఉన్న చోట ఒక్క కంచె వేయించాను. మూడేళ్లకు లోపల మంచి గడ్డి లేచింది. అందరినీ పిలిచి చూపించి, మేత ఆపితే గడ్డి వస్తుందని చెప్పాను. ఒక పెద్దాయన గట్టుకు అవతలి పక్క చూపించి, "కంచె బయట గూడా లేసింది గదా సార్, దానికేమంటారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ మూడేళ్లూ వానలు బాగా పడ్డాయి. గట్టు పక్కన తేమ కూడా ఎక్కువ. గడ్డి పెరగడంలో కంచె వాటా ఎంతో, వాన వాటా ఎంతో చెప్పగలిగే లెక్క నేను రాసి పెట్టుకోలేదు.

అందుకే ప్రతి కంచెకూ పక్కనే మేతకు వదిలేసిన ఒక జత ముక్క ఉండాలి. వాన రెండింటి మీదా ఒకేలా పడుతుంది, నేల ఒకటే. తేడా ఒక్క మేతలోనే ఉంటుంది. ఇలాంటి జతలు కనీసం ఆరు కావాలి. ఒకే చోట వచ్చిన తేడాకు చీమల పుట్టో, పాత పశువుల దొడ్డో కారణం కావచ్చు.

ముక్కలు ఎంచుకోవడం

బీడంతా నడిచి, మిట్ట, మధ్య, పల్లం మూడు చోట్లా రెండేసి జతలకు స్థలం చూడండి. ప్రతి జతలో రెండు ముక్కలూ 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉండాలి. రెండింటి మధ్య 10 నుంచి 15 మీటర్ల దూరం ఉంచండి. మరీ దగ్గరైతే కంచె చుట్టూ జీవాలు తిరిగి బయటి ముక్కను మామూలు కంటే ఎక్కువ తొక్కుతాయి. మరీ దూరమైతే నేల మారిపోతుంది. దారులు, నీటి తొట్లు, చెట్ల నీడ ఉన్న చోట్లు వద్దు.

ఆ రెండింటిలో దేనికి కంచె వేయాలో మీరు ఎంచుకోకండి. తెలియకుండానే మన చేయి పచ్చగా ఉన్న ముక్క వైపు పోతుంది. అందరి ముందూ బొమ్మా బొరుసూ వేసి నిర్ణయించండి. తర్వాత ఎవరూ మీరు మంచి ముక్క చూసుకుని కంచె వేశారని అనలేరు.

ఆరు కంచెలకు పోయేది 150 చదరపు మీటర్లు, అంటే నాలుగు సెంట్ల లోపే. కాపరులకు మేత నష్టం దాదాపు ఉండదు. పంచాయతీ తీర్మానంతో పాటు కాపరులను మొదటి రోజు నుంచీ వెంట ఉంచుకోండి. గడ్డి పేర్లు మనకంటే వారికే బాగా తెలుసు.

కంచె

ఒక్కో కంచెకు 20 మీటర్ల చొప్పున మొత్తం 120 మీటర్ల వల కావాలి. నాలుగడుగుల ఎత్తు ఇనుప వల కట్టి, అడుగు అంచును మట్టిలో పూడ్చండి. ముళ్ల తీగ వరసలు పశువులను ఆపుతాయి గానీ మేకలను ఆపవు. ఖర్చు తగ్గుతుందని సర్కారు తుమ్మ కంప వేయకండి. దాని కాయలు రాలి లోపల మొలుస్తాయి. కంప నీడ, దానికి చిక్కుకునే దుమ్ము కూడా మొక్కలను మారుస్తాయి. అప్పుడు మీరు కొలిచేది మేత ప్రభావం కాదు, కంప ప్రభావం.

కంచె అంచున మీటరు వెడల్పును లెక్కలోకి తీసుకోకండి. బయటి నుంచి మేకలు మూతి పెట్టేది అక్కడే. రాళ్ల మీద వాలిన పిట్టలు రేగు, వేప గింజలు వదిలేదీ అక్కడే. లోపల మిగిలే 3 మీటర్ల చదరంలోనే కొలవాలి. బయటి ముక్కలోనూ సరిగ్గా ఇలాగే మధ్య చదరాన్ని తీసుకుని, నాలుగు మూలలా నేలకు సమంగా రాళ్లు పాతి గుర్తు పెట్టండి.

కొలవడం

అక్టోబరు మొదటి పక్షం మంచి సమయం. అప్పటికి గడ్డి వెన్ను తీసి ఉంటుంది కాబట్టి గుర్తు పట్టడం తేలిక. కంచె వేయకముందే మొదటి కొలత తీసుకోవాలి. ఇది అన్నిటికంటే ముఖ్యం. ఆ వారంలోనే కంచె కట్టి, తర్వాత ప్రతి ఏడాదీ అదే పక్షంలో మళ్లీ కొలవండి.

ఒక తాడుకు చివర నుంచి 15 సెంటీమీటర్ల దగ్గర మొదటి ముడి, తర్వాత 30 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున మొత్తం పది ముళ్లు వేయండి. చదరంలో తాడును ఒక వైపు నుంచి రెండో వైపుకు పరిచి, ప్రతి ముడి దగ్గర సైకిల్ చువ్వను నిలువుగా నేల దాకా దింపండి. చువ్వకు తగిలిన ప్రతి మొక్క పేరూ ఒక్కోసారి రాయండి. ఏదీ తగలకపోతే "ఖాళీ నేల" అని రాయండి. తాడును 30 సెంటీమీటర్లు జరిపి మళ్లీ చేయండి. పది వరసలు పూర్తయ్యే సరికి వంద చోట్లు అవుతాయి. వెంపలి 22 చోట్ల తగిలితే అది 22 శాతం నేల మీద ఉన్నట్టు.

మొదట తగిలిన మొక్క ఒక్కటే రాసి ఊరుకోకండి. కంచె లోపల ఎత్తుగా పెరిగిన గడ్డి కింద చిన్న మొక్కలు దాగి ఉంటాయి, అవి పోయాయని పొరపడతారు.

పేర్లను నాలుగు కుప్పలుగా విడదీస్తే చాలు: ఏళ్ల తరబడి బతికే గడ్డి, ఒక్క వానకారుకే పరిమితమైన గడ్డి, పప్పుజాతి మొక్కలు, జీవాలు ముట్టని మొక్కలు. ఏళ్ల తరబడి బతికే గడ్డి దుబ్బు మొదట్లో పాత ఎండు మోళ్లు ఉంటాయి, లాగితే తేలిగ్గా రాదు. ఒక్క కారు గడ్డి వేళ్లతో సహా చేతికొస్తుంది. పేరు తెలియని దాన్ని పేపరులో ఒత్తి ఆరబెట్టి, నంబరు వేసి దాచండి. వచ్చే ఏడాది కూడా అదే నంబరుతో రాయండి.

లెక్క చూసే విధానం

ఉదాహరణకు ఒక జతలో ఏళ్ల తరబడి బతికే గడ్డి ఇలా వచ్చిందనుకుందాం. కంచె వేసే రోజున లోపల 18, బయట 20. మూడేళ్లకు లోపల 34, బయట 27. కంచె లోపల చూసినవారు 16 పెరిగిందంటారు. కానీ మేత సాగుతున్న బయటి ముక్కలోనూ 7 పెరిగింది. ఆ పెరుగుదలకు మేత ఆపడం కారణం కాదు, ముఖ్యంగా వానలే. 16లో 7 తీసేస్తే మేత ఆపినందువల్ల వచ్చింది 9.

ఇలా ఆరు జతల్లో 9, 12, 4, 7, 11 వచ్చి, ఒకదానిలో మాత్రం 1 తగ్గిందనుకోండి. సగటు 7. ఇది మేత ప్రభావం ఉన్నట్టు చూపిస్తోంది గానీ తీర్పు చెప్పడానికి చాలదు. ఆరు నాణేలు ఎగరేస్తే ఐదు గానీ ఆరు గానీ బొమ్మ పడటం 64 సార్లలో 7 సార్లు ఊరికే జరుగుతుంది. ఆరుకు ఆరూ పడటం ఒక్కసారే. కాబట్టి ఒక జత ఎదురు తిరిగితే మరో ఏడాది కొనసాగించండి. నచ్చలేదని ఆ జతను లెక్కలోంచి తీసేయకండి. అది పల్లంలో ఉందా, కంచె ఎప్పుడైనా తెగిందా అని పుస్తకంలో చూడండి.

ఆ పుస్తకంలో నెలకోసారి కంచె పరిస్థితి రాయాలి. లోపల మేక పెంటికలు కనిపిస్తే జీవాలు దూరినట్టే. కొడవలితో కోసిన మోళ్లు కనిపిస్తే ఎవరో గడ్డి కోసినట్టు. కోత కూడా మేత లాంటిదే, తేదీ వేసి రాయండి. కుందేళ్లు వల కింద తవ్వి దూరుతుంటే, మీ పరీక్ష గొర్రెలూ మేకలూ పశువుల సంగతే చెబుతుంది, అన్ని జంతువుల సంగతీ కాదు. లోపల పేరుకున్న ఎండు గడ్డికి వేసవిలో నిప్పు పడకుండా చుట్టూ గడ్డి చెక్కేయండి.

ఫలితం నుంచి నిర్ణయానికి

మొదటి ఏడాది లోపల గడ్డి ఎత్తుగా కనిపిస్తుంది. అది తినకపోవడం వల్ల వచ్చిన ఎత్తే గానీ మొక్కల జాతులు మారినట్టు కాదు. గింజ మొలిచి దుబ్బు కట్టడానికి సమయం కావాలి కాబట్టి కనీసం మూడు వానకాలాలు చూడాలి.

మూడేళ్లకూ లోపలా బయటా తేడా లేకపోతే, ఇంత కాలంలో మేత ఆపినంత మాత్రాన గడ్డి తిరిగి రాలేదని అర్థం. నేలలో గింజ మిగలకపోయి ఉండవచ్చు, పై మట్టి కొట్టుకుపోయి ఉండవచ్చు. అలాంటి బీడును మూస్తే కాపరులకు నష్టం, గడ్డికి లాభం లేదు. అక్కడ కందకాలు తీసి, అంజన్ గడ్డి, స్టైలో గింజ చల్లి చూడటం మేలు.

లోపల మంచి గడ్డి పెరిగి, చిన్న మొక్కల రకాలు తగ్గితే, ఎప్పటికీ మూసి ఉంచడం కూడా మంచిది కాదని తెలుస్తుంది.

లోపల మంచి గడ్డి నిలకడగా పెరిగితే మేత భారం నిజమే. కానీ ఈ కంచె చెప్పేది పూర్తిగా ఆపితే ఏమవుతుందో మాత్రమే. తగ్గిస్తే ఏమవుతుందో చెప్పదు. అది కూడా తెలియాలంటే ప్రతి జతకూ మూడో ముక్క మొదటి రోజే కలపండి. మూడింటిలో ఏది ఏదో చీటీలు తీసి నిర్ణయించండి. మూడో ముక్కకు తొలకరికి ముందు వల కట్టి, గింజ రాలాక, అక్టోబరు కొలత అయ్యాక దీపావళి తర్వాత విప్పేయాలి. ఆ ముక్కలోనూ పూర్తి కంచెలోలాగే గడ్డి పెరిగితే, బీడును ఏడాదంతా మూయనక్కర లేదు. వానకాలంలో భాగాలుగా మూసి, తర్వాత జీవాలను వదలవచ్చు. పొలం ఉన్నవారూ కాపరులూ ఇద్దరూ ఒప్పుకోగలిగే మాట చాలా గ్రామాల్లో అదే కావచ్చు. కానీ ఆ మాట మీ పుస్తకంలోని లెక్క చెప్పాలి.